పదో తేదీ లెక్కలోకి వస్తుందా?

అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారనుకోండి: ‘ట్యాంకు మరమ్మతు కారణంగా మార్చి 10, 14 తేదీల మధ్య నీళ్లు రావు.’ కొందరు తొమ్మిదో తేదీ రాత్రే బిందెలూ బకెట్లూ నింపి పెట్టుకుంటారు. ఇంకొందరు పదో తేదీన నీళ్లు వస్తాయన్న ధీమాతో ఉంటారు. ఎవరినీ తప్పుపట్టలేం. ‘మధ్య’ అన్నప్పుడు రెండు కొసలూ లోపలున్నాయో బయటున్నాయో తేలదు. లోపలుంటే ఐదు రోజులు, బయటుంటే మూడే. గడువు రాసేటప్పుడు ఈ మాట వాడకపోవడమే మేలు.

‘10 నుంచి 14 వరకు’ అంటే చాలావరకు నయం. సెలవు చీటీలో అలా రాస్తే రెండు తేదీలూ కలిపే లెక్కేస్తారు. పద్నాలుగులోంచి పది తీసేస్తే నాలుగే వస్తుంది కాబట్టి దానికి ఒకటి కలపాలి. సెలవు ఐదు రోజులు. పదిహేనున డ్యూటీలో చేరాల్సినవారు ‘15 వరకు సెలవు’ అని రాస్తే మాత్రం అక్కర్లేని ఒక రోజు సెలవు ఖర్చయిపోతుంది. అందుకే ‘10 నుంచి 14 వరకు, రెండు రోజులూ కలిపి 5 రోజులు, 15న విధుల్లో చేరతాను’ అని రాయాలి. తేదీలో పొరపాటు దొర్లినా రోజుల సంఖ్య దాన్ని పట్టిస్తుంది.

చట్టం దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, కేంద్ర చట్టాల్లో ఫలానా రోజు ‘నుంచి’ అంటే ఆ మొదటి రోజును వదిలేస్తారు, ‘వరకు’ అంటే చివరి రోజును కలుపుకుంటారు. చెక్కు బౌన్సయిందని మీకు పదో తేదీన లాయర్ నోటీసు అందిందనుకుందాం. డబ్బు కట్టడానికి 15 రోజుల గడువుంటుంది. పదో తేదీని వదిలేసి పదకొండు నుంచి లెక్కిస్తారు కాబట్టి ఆఖరు రోజు 25. అదే పదో తేదీ నుంచి 15 రోజులు సెలవు పెడితే అది 24తోనే అయిపోతుంది. నోటీసు, ఒప్పందం రాసేవాళ్లు ‘ఇన్ని రోజుల్లోగా’ అని ఊరుకోకుండా ఆఖరు తేదీని కూడా వేస్తే ఈ తకరారే ఉండదు.

నీళ్ల కాగితాన్ని ఇలా తిరగరాయొచ్చు: ‘2026 మార్చి 10 మంగళవారం ఉదయం 6 గంటల నుంచి మార్చి 14 శనివారం సాయంత్రం 6 గంటల వరకు నీళ్లు రావు.’ ఇక్కడ ‘అర్ధరాత్రి వరకు’ అని రాస్తే మళ్లీ చిక్కే. పదమూడు దాటుతూ వచ్చే అర్ధరాత్రా, పద్నాలుగు ముగిసే అర్ధరాత్రా? ‘రాత్రి 11:59’ అంటే ఆ అనుమానం ఉండదు.

వారం పేరు వేయడానికీ కారణముంది. ‘15వ తేదీలోపు మెయింటెనెన్స్ కట్టాలి’ అన్నప్పుడు పదిహేనున కట్టొచ్చా అన్నది ఒక సందేహం. ‘ఆఖరు రోజు మార్చి 15’ అని రాస్తే అది తీరుతుంది. పక్కనే వారం వేయబోతే అది ఆదివారమని, ఆరోజు అసోసియేషన్ ఆఫీసు తెరవరని రాసేవారికే తెలిసొస్తుంది. అప్పుడు గడువును సోమవారానికి మార్చి, ‘మార్చి 16 సాయంత్రం 5 గంటల వరకు తీసుకుంటాం’ అని వేస్తారు.