అప్‌డేట్ చాటున వచ్చే అనుమతులు

ఐరికార్డర్ అనే యాప్ 2021 సెప్టెంబరులో గూగుల్ ప్లే స్టోర్‌లోకి వచ్చింది. ఫోను తెర మీద జరిగేదంతా వీడియోగా తీసిపెట్టడం దాని పని. అప్పట్లో అందులో ఏ మోసమూ లేదు. చెప్పిన పని చేసేది, ఊరుకునేది. ఏడాది తిరిగేసరికి, 2022 ఆగస్టు నాటికి, అప్‌డేట్ రూపంలో దొంగ కోడ్ అందులోకి చేరింది. అప్పటినుంచి ఆ యాప్ ప్రతి 15 నిమిషాలకోసారి మైకు తెరిచి, నిమిషంపాటు చుట్టుపక్కల మాటల్ని రికార్డు చేసి, ఎక్కడో ఉన్న సర్వర్‌కి పంపేది. ఫోనులోని ఫైళ్లను కూడా పంపగలిగేది. ఈసెట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు దీన్ని పట్టుకున్నాక గూగుల్ ఆ యాప్‌ను తీసేసింది. అప్పటికే 50,000కు పైగా డౌన్‌లోడ్లు అయిపోయాయి.

ఇందులో అసలు గమనించాల్సింది వేరే ఉంది. దొంగ కోడ్ వచ్చిన రోజున ఆ యాప్ కొత్తగా ఏ అనుమతీ అడగలేదు. స్క్రీన్ రికార్డర్ కాబట్టి మైకు వాడుకుంటానని మొదటే అడిగింది, జనం మొదటే సరేనన్నారు. ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్‌లో ఉన్నవాళ్లకు ఏదో మారిందన్న సంగతే తెలిసే అవకాశం లేదు.

అలాగని అప్‌డేట్లన్నీ ఆపేసుకుంటే ఇంకో చిక్కు. 2019 మే నెలలో వాట్సాప్‌లో ఒక లోపం బయటపడింది. వాట్సాప్ కాల్ ఒకటి చేస్తే చాలు, అవతలివాళ్లు ఎత్తకపోయినా వాళ్ల ఫోనులోకి పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్‌ను దించవచ్చు. అలా గురిపెట్టినవాళ్లలో మన దేశపు పాత్రికేయులు, హక్కుల కార్యకర్తలు కూడా ఉన్నారు. ఆ లోపాన్ని సరిచేసింది అప్‌డేటే. వాట్సాప్, క్రోమ్, బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు ఎప్పటికప్పుడు తాజాగా ఉండాల్సిందే. అనుమానించాల్సింది టార్చి, స్కానర్, కీబోర్డు, రికార్డర్ లాంటి చిన్నాచితకా యాప్‌లను, వాటిలోనూ మైకు, కెమెరా, కాంటాక్టులు, ఎస్సెమ్మెస్ చేతికి అందినవాటిని.

ఆండ్రాయిడ్‌లో ఈ రెంటినీ విడదీయడానికి వీలుంది. ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు మీ ఫొటో గుండ్రాన్ని నొక్కి, Settings లో Network preferences, అందులో Auto-update apps తెరవండి. అక్కడ Over Wi-Fi only పెట్టుకుంటే డేటా ఆదా తప్ప వేరే కాపలా ఏమీ ఉండదు. అదలా ఉంచేసి, నమ్మకం చాలని యాప్ పేజీకి వెళ్లండి. పైన మూల మూడు చుక్కలుంటాయి. నొక్కితే Enable auto update ఎదురుగా టిక్ కనిపిస్తుంది. దాన్ని తీసేయండి. ఇక ఆ ఒక్క యాప్ మీరు చెబితేనే మారుతుంది, మిగతావి వాటంతటవి మారుతూ ఉంటాయి.

కొత్త వెర్షన్ కొత్తగా అనుమతి కోరితే ఫోనే అడుగుతుంది కదా అనిపించవచ్చు. సగం నిజం. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి మైకు, కెమెరా, లొకేషన్ లాంటివి కావాలంటే యాప్ ఆ సమయానికి తెర మీద అడిగి తీరాలి. అయితే ఈ అనుమతులను ఆండ్రాయిడ్ గుంపులుగా కట్టింది. కాంటాక్టులను చదవడం, వాటిలో మార్పులు చేయడం రెండూ ఒకే గుంపు. ఒక కాలర్ యాప్ పాత వెర్షన్ కాంటాక్టులను చదువుతానని మాత్రమే అడిగిందనుకుందాం, మీరు అలౌ అన్నారు. కొత్త వెర్షన్ ఆ పేర్లను మార్చే హక్కు కూడా కోరితే ఫోను మిమ్మల్ని మళ్లీ అడగదు, లోలోపలే ఇచ్చేస్తుంది. ఇంటర్నెట్ వాడుకోవడం, ఫోను ఆన్ అయిన వెంటనే తానూ మొదలవడం లాంటివాటికైతే ఎప్పుడూ అడగదు.

అందుకే ఆటో అప్‌డేట్ ఆపిన యాప్ విషయంలో Update నొక్కేముందు చిన్న పోలిక చేయాలి. ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీలో About this app తెరిచి, అడుగుదాకా జరిపితే App permissions, దాని పక్కన See more ఉంటాయి. అక్కడ కనిపించేది స్టోర్‌లో ఉన్న కొత్త వెర్షన్ జాబితా. మీ ఫోనులో ఇప్పుడున్న వెర్షన్ జాబితా వేరేచోట ఉంటుంది: ఫోను సెట్టింగ్స్‌లో Apps, అందులో ఆ యాప్, దాని Permissions. చాలా ఫోన్లలో అక్కడి మూడు చుక్కల్లో All permissions కూడా దొరుకుతుంది, గుంపు లోపలి వివరాలు బయటపడేది అందులోనే. పై ఉదాహరణలో కాలర్ యాప్‌నే తీసుకుంటే, ఫోను జాబితాలో కాంటాక్టులను చదవడం ఒక్కటే ఉండి, స్టోర్ జాబితాలో దాని కింద మార్చడం అన్న వరస అదనంగా కనబడుతుంది. ఆ యాప్ పనికి అది అవసరమా అన్నది చూడాలి. స్టోర్‌లో డేటా సేఫ్టీ అని ఒక భాగం ఉంటుంది, కానీ అది యాప్ చేసినవాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నదే. పోలికకు నేనైతే దాన్ని లెక్కలోకి తీసుకోను.

అప్‌డేట్ అయ్యాక తెర మీద అనుమతి అడిగితే వద్దనడానికి జంకక్కర్లేదు. ఆండ్రాయిడ్ 11, ఆ తర్వాతి ఫోన్లలో రెండుసార్లు వద్దంటే అదే అనుమతిని యాప్ మళ్లీ అలా అడగలేదు. నిజంగానే అవసరమైతే తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే ఇవ్వవచ్చు. తప్పక చూడాల్సిన ఇంకో అడ్డదారి యాక్సెసిబిలిటీ. ఇది దొరికిన యాప్ తెర మీద రాసి ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. దీనికి మామూలు పెట్టె రాదు, సెట్టింగ్స్ పేజీకి తీసుకెళ్లి ఆన్ చేయమంటుంది. చూపు తక్కువైనవాళ్లకు సాయపడే యాప్‌కు ఇది అర్థమవుతుంది. వాల్‌పేపర్ యాప్ అడిగితే ఆ క్షణమే తీసేయవచ్చు.

ఐరికార్డర్ లాంటివి మాత్రం ఈ పోలికకు చిక్కవు, ఎందుకంటే జాబితాలో మార్పే లేదు. అక్కడ చూడాల్సింది అనుమతిని కాదు, వాడకాన్ని. ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు గానీ కెమెరా గానీ పనిచేస్తుంటే తెర పైమూల ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద Privacy dashboard తెరిస్తే గత 24 గంటల్లో ఏ యాప్ మైకు ఎప్పుడు వాడిందో గంటలు నిమిషాలతో సహా ఉంటుంది. మీరు రికార్డింగ్ ఏదీ పెట్టని వేళ, నిర్ణీత వ్యవధిలో పదేపదే ఒకే యాప్ పేరు అక్కడ కనబడితే దాన్ని తొలగించడమే మందు. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్దామంటే ప్లే స్టోర్‌లో ఆ సదుపాయం లేదు. ఫోనుతోపాటే వచ్చిన యాప్‌లకు మాత్రం Uninstall updates ఉంటుంది, అదీ ఫోను కొన్ననాటి వెర్షన్‌కి తీసుకెళ్తుంది.

ఐఫోన్‌లో యాప్ స్టోర్ సెట్టింగ్స్‌లో App Updates ఆఫ్ చేయవచ్చు, కానీ అది అన్ని యాప్‌లకూ కలిపే. ఆండ్రాయిడ్‌లో శాంసంగ్, షావోమీ ఫోన్లు వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఆ కంపెనీలకు గెలాక్సీ స్టోర్, గెట్‌యాప్స్ అని సొంత దుకాణాలున్నాయి. వాటి ద్వారా కూడా యాప్‌లు అప్‌డేట్ అవుతాయి, ప్లే స్టోర్‌లో తీసేసిన టిక్ వాటికి వర్తించదు. ఆ దుకాణాల సెట్టింగ్స్‌లో ఆటో అప్‌డేట్‌ను విడిగా ఆఫ్ చేయాలి.