ఖాళీగా కనిపించని ఖాళీ

H27 అనే గడిని మా వదిన నాలుగుసార్లు చూసింది. ఆమెది మంగళగిరిలో చేనేత కుర్తాల వ్యాపారం. కొత్త డిజైన్ ఒకటి 8 రంగుల్లో, రంగుకు 5 సైజుల చొప్పున ఆన్‌లైన్‌లో పెట్టింది. వారం తిరిగేసరికి ఇద్దరు ఫోన్ చేసి, పసుపు రంగులో L సైజు లేదా అని అడిగారు. సరుకేమో బీరువాలో 12 ఉన్నాయి. మార్కెట్‌ప్లేస్ పేజీలో మాత్రం ఆ సైజే కనిపించడం లేదు.

"సైజు కొట్టాను కదయ్యా" అంది. గడి మీద క్లిక్ చేసి F2 నొక్కితే విషయం తెలిసింది. అందులో L లేదు, ఒక స్పేస్ ఉంది. L చెరిపేటప్పుడు డిలీట్‌కు బదులు స్పేస్‌బార్ నొక్కినట్టుంది. కంటికి ఖాళీ, ఎక్సెల్‌కు నిండు గడి. ఫైలు అందుకున్న సర్వర్ ఆ స్పేస్‌ను కత్తిరించేసి చూసింది కాబట్టి దానికి మళ్లీ ఖాళీ. సైజు తప్పనిసరి గనుక ఆ ఒక్క వరసనూ తిప్పికొట్టి మిగతావన్నీ తీసుకుంది. అప్‌లోడ్ తర్వాత వచ్చే రిపోర్టులో ఆ సంగతి రాసే ఉంది. వదిన దాన్ని డౌన్‌లోడ్ చేయలేదు.

పదుల కొద్దీ వస్తువులు ఒకేసారి పెట్టేవాళ్లు ఫారాలు ఒక్కొక్కటీ నింపరు, మార్కెట్‌ప్లేస్ ఇచ్చే ఎక్సెల్ టెంప్లేట్ నింపి ఎక్కిస్తారు. అమెజాన్‌లో చాలాకాలం వాడుకలో ఉన్న టెంప్లేట్‌నే చూద్దాం. మొదటి వరసలో టెంప్లేట్ రకం, వెర్షన్ ఉంటాయి. రెండో వరసలో మనుషులు చదివే శీర్షికలు, మూడో వరసలో item_sku, size_name లాంటి యంత్రం చదివే పేర్లు. మన సరుకు నాలుగో వరస నుంచి మొదలవుతుంది. పైమూడు వరసలనూ కదపకూడదు. పక్కనే Data Definitions అనే షీట్ ఉంటుంది. ఏ కాలమ్ తప్పనిసరో, ఏది ఐచ్ఛికమో అందులో రాసి ఉంటుంది. Valid Values షీట్‌లో ఏ కాలమ్‌లో ఏ మాటలు చెల్లుతాయో ఉంటాయి. ఎక్కించే ముందు ఫైలును సరిచూడటమంటే ఈ రెండు షీట్లను మన వరసల పక్కన పెట్టి చూసుకోవడమే.

చిక్కు ఎక్కడంటే, తప్పనిసరి అన్న మాటకు అన్ని వరసల్లోనూ ఒకే అర్థం ఉండదు. వదిన ఫైల్లో 41 వరసలున్నాయి. నాలుగో వరస తల్లి, అంటే parent. అది అమ్మే వస్తువు కాదు, రంగులూ సైజులూ అన్నింటినీ ఒకే పేజీ కిందికి తెచ్చే పేరు మాత్రమే. దానికి ధర, స్టాక్, సైజు అక్కర్లేదు. మిగతా 40 పిల్ల వరసలు, child. వాటికి సైజు, రంగు, ధర, స్టాక్‌తో పాటు తల్లి ఎవరో చెప్పే parent_sku కూడా కావాలి. అది లేకపోతే పిల్ల వరస విడి వస్తువుగా వేరే పేజీలో తేలవచ్చు. అందుకే ధర కాలమ్‌లో ఖాళీలెన్ని అని మాత్రమే లెక్కిస్తే తల్లి వరస అనవసరంగా దొరుకుతుంది. ఇలా ఉత్తుత్తి హెచ్చరికలు నాలుగు చూశాక అసలైన దాన్ని కూడా పట్టించుకోం.

బార్‌కోడ్ కాలమ్‌దీ ఇదే తీరు. మగ్గం గుడ్డకు చాలామంది దగ్గర 13 అంకెల కోడ్ ఉండదు. మార్కెట్‌ప్లేస్ నుంచి మినహాయింపు తెచ్చుకున్నవాళ్లు ఆ గడి వదిలేయవచ్చు, తెచ్చుకోనివాళ్లకు అది తప్పనిసరి. కోడ్ ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం: 890తో మొదలయ్యే సంఖ్యను ఎక్సెల్ 8.90E+12 లాగా కుదించి చూపిస్తుంది. ఆ రూపంలోనే టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి. గడి నిండే ఉంటుంది, అందులో ఉన్నది బార్‌కోడ్ కాదు. నింపే ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చుకోవాలి.

కొన్ని గడులు తప్పనిసరి కావడానికి కారణం చట్టమే. ప్యాకేజీ సరుకులపై ఉండాల్సిన వివరాలు, అంటే తయారీదారు పేరు, నికర పరిమాణం, ఎంఆర్‌పీ వంటివి, 2018 జనవరి 1 నుంచి ఆన్‌లైన్ పేజీలోనూ కనిపించాలి. ఏ దేశంలో తయారైందో చెప్పాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు అంటున్నాయి. ఇలాంటి గడుల్లో NA అని రాసి దాటేయకండి. ఖాళీ లెక్కకు అది దొరకదు, కొనేవాడికి మాత్రం దాని వల్ల ఏమీ తెలియదు.

H27 లాంటి గడిని పట్టుకోవడానికి వదిన ఫైల్లో విడిగా ఒక షీట్ పెట్టి ఈ సూత్రం రాశాం. అసలు షీట్ పేరు Template. అందులో F కాలమ్ తల్లో పిల్లో చెబుతుంది, H కాలమ్ సైజు.

```
=SUMPRODUCT((Template!F4:F44="child")*(LEN(TRIM(SUBSTITUTE(Template!H4:H44,CHAR(160)," ")))=0))
```

పిల్ల వరసల్లో సైజు లేనివెన్నో ఇది చెబుతుంది. TRIM అంచుల్లోని స్పేస్‌లను తీసేస్తుంది. CHAR(160) అనేది వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే మరో రకం స్పేస్. TRIM దాన్ని ముట్టుకోదు కాబట్టి ముందు మామూలు స్పేస్‌గా మార్చాలి. వదిన ఫైల్లో జవాబు 1 వచ్చింది. H బదులు ధర, రంగు, parent_sku కాలమ్‌ల అక్షరాలు పెట్టి ఇదే సూత్రాన్ని మళ్లీ మళ్లీ రాసుకున్నాం.

0 వచ్చిందని వెంటనే నమ్మకూడదు. F కాలమ్‌లో child తర్వాత స్పేస్ పడితే ఆ వరస అసలు లెక్కలోకే రాదు. అందుకని child ఉన్న వరసలు సరిగ్గా 40 ఉన్నాయో లేదో COUNTIFతో వేరే లెక్క వేశాం. తర్వాత కావాలనే ఒక సైజు చెరిపి, 0 కాస్తా 1 అవుతుందా అని చూసి, తిరిగి పెట్టాం. నాకు అన్నిటికంటే ఎక్కువ నమ్మకం ఈ చివరి పని మీదే. కాలమ్ అక్షరం ఒక్కటి పొరపాటు పడినా అక్కడే బయటపడుతుంది.

ఇంకో మాట. పాత టెంప్లేట్‌ను ఏడాదిపాటు అదే పనిగా వాడకండి. తప్పనిసరి కాలమ్‌లు మారుతుంటాయి. పాత షీట్‌లో అన్నీ నిండినట్టే ఉంటుంది, కొత్తగా అడిగిన కాలమ్ అందులో ఉండనే ఉండదు. ప్రతిసారీ తాజా టెంప్లేట్ దించుకుని, పాత సరుకును విలువలుగా మాత్రమే, అంటే పేస్ట్ వాల్యూస్‌తో, అందులోకి తెచ్చుకోవాలి. ఇప్పటికే ఉన్న వస్తువుకు ధరో స్టాకో మాత్రమే మార్చాలనుకుంటే, పైన చెప్పిన అమెజాన్ టెంప్లేట్‌లోనైతే update_delete కాలమ్‌లో PartialUpdate అని ఉండాలి. అప్పుడు మిగతా గడులు ఖాళీగా ఉన్నా ఇబ్బంది లేదు. అక్కడ Update అని ఉంటే ఆ ఖాళీలు పాత వివరాలనే చెరిపేయవచ్చు.

వదిన H27లో L కొట్టింది. జవాబు 0 అయింది. ఆ వరస, దాని తల్లి, రెండూ ఉన్న చిన్న ఫైలు ముందు ఎక్కించి, రిపోర్టు దించుకుని చదివాం. తప్పులేవీ లేవు. అయితే ఆ L కుర్తా ఛాతీ కొలత 42 అంగుళాలని షీట్‌లో రాసింది నిజమేనా అన్నది ఏ సూత్రమూ చెప్పదు. దానికి బీరువా తీసి, టేపు పెట్టి కొలవాలి. మీరు కూడా ఎక్కించే ముందు రంగుకొకటి తీసి కొలవండి.