రెండూ కుడివైపే ఉంటే రంగూనేనా?

ఫోన్లలో తిరిగే ఫోటో ఏ ఊరిదో రోడ్డు చూసి కనిపెట్టొచ్చా అని ఒక పాఠకుడు అడిగారు. చాలాసార్లు కనిపెట్టొచ్చు. బళ్లు ఎడమన నడుస్తూ, ముందు ప్లేటు తెలుపు, వెనకది పసుపు అయి, టాక్సీ ఎర్రగా ఉంటే అది హాంకాంగ్ నగరం. అదే టాక్సీ ఆకుపచ్చదైతే అక్కడి న్యూ టెరిటరీస్, నీలమైతే లాంటావ్ దీవి. ఇదంతా బట్టీ పడితే వచ్చేస్తుంది. అసలు మజా స్టీరింగులో ఉంది.

స్టీరింగ్ కుడిపక్క కనబడగానే ‘మనలాగే ఎడమన నడిపే దేశం’ అని తేల్చేసేవాళ్లే ఎక్కువ. వాళ్లందరూ యాంగోన్‌లో, అంటే మన పెద్దవాళ్ల రంగూన్‌లో, బోల్తా పడతారు. బర్మా 1970లో రాకపోకలను ఎడమ నుంచి కుడికి మార్చింది. కార్లు మాత్రం ఆ తర్వాత కూడా ఎక్కువగా జపాన్ నుంచి పాతవే వచ్చాయి. జపాన్‌లో ఎడమన నడుపుతారు కాబట్టి వాటి స్టీరింగ్ కుడిపక్కే. మామూలుగా డ్రైవరు రోడ్డు మధ్య వైపు కూర్చుంటాడు, ఎదురొచ్చే బండి కనపడాలి కదా. ఇక్కడేమో రోడ్డు అంచున కూర్చున్నాడు. ముందున్న లారీని దాటాలంటే బండి సగం బయటికి వచ్చేదాకా ఎదుటి దారి కనబడదు. జపాన్ నుంచి వచ్చిన పాత బస్సుల తలుపులూ అంతే, రోడ్డు మధ్యకి తెరుచుకునేవి.

కాబట్టి రోడ్డు పక్కనీ స్టీరింగ్ పక్కనీ విడివిడిగా కాక జతగా చూడాలి. ఫోటోను అద్దంలోలా తారుమారు చేసినా ఈ జత చెడదు. మన విజయవాడ ఫోటోను తిప్పేస్తే బళ్లు కుడిన, స్టీరింగ్ ఎడమన కనబడి అమెరికాలా ఉంటుంది. డ్రైవరు మాత్రం రోడ్డు మధ్య వైపే ఉంటాడు. రంగూన్ ఫోటోను తిప్పితే రెండూ ఎడమకి వస్తాయి, డ్రైవరు అంచునే ఉంటాడు. చిక్కేమిటంటే, తిప్పకుండానే అలా ఉండే చోటు ఒకటుంది: అమెరికా వారి వర్జిన్ దీవులు. అక్కడ ఎడమన నడుపుతారు, కార్లేమో అమెరికావి.

రెండూ కుడివైపే ఉన్నంత మాత్రాన రంగూన్ అనుకోకూడదు. రష్యా తూర్పు కొసన ఉన్న వ్లాదివొస్తోక్‌కూ జపాన్ పాత కార్లే వెళ్లాయి. అక్కడ అక్కరకొచ్చేది నంబర్ ప్లేటు. రష్యా ప్లేటు తెల్లది, కుడి చివర చిన్న గడిలో ప్రాంతం అంకె ఉంటుంది. వ్లాదివొస్తోక్‌వైపు బళ్లకు 25 తరచుగా కనిపిస్తుంది. బర్మాలో సొంత కారుకు నల్ల ప్లేటు, టాక్సీకి ఎర్ర ప్లేటు. అంకెలు మసకబారినా ఈ రంగులు మిగులుతాయి.

వన్‌వే రోడ్డు, ఆగి ఉన్న ఒంటరి కారు ఏమీ చెప్పవు. కనీసం ఎదురెదురుగా వెళ్లే రెండు బళ్లుండాలి. ఫోన్లలో వచ్చేవి ఎవరో సరిగ్గా అక్కడే కత్తిరించి పంపుతారు, అది వేరే బాధ. ఈ విద్య నిజంగా పనికొచ్చేది ఉత్తరాంధ్ర ఇళ్లలో తాతలు దాచిన రంగూన్ ఫోటోలకు: వీధిలో బళ్లు ఎడమన పోతుంటే, ఆ ఫోటో తిరగబడకపోతే, అది 1970 మార్పుకు ముందుది.