వార్తల్లో పదం: కంజెస్టివ్ కొలాప్స్

అంతరాయం తొలగిన తర్వాత కూడా, పేరుకుపోయిన అభ్యర్థనల వల్ల సర్వర్లు విరామం లేకుండా పనిచేస్తూనే ఏ పనినీ పూర్తి చేయలేని స్థితిని కంజెస్టివ్ కొలాప్స్ అంటారు. 2025 అక్టోబరు 20న అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో అమెజాన్ క్లౌడ్ దీనినే ఎదుర్కొంది. డైనమోడీబీ డేటాబేస్ పసిఫిక్ కాలమానం ప్రకారం తెల్లవారుజామున 2.25కి కోలుకున్నా, భౌతిక సర్వర్లతో లీజులను, అంటే నిర్ణీత గడువు గల అనుసంధానాలను, నిర్వహించే వ్యవస్థ మాత్రం తేరుకోలేదు. ఒక్కసారిగా వచ్చిపడిన లీజు ప్రయత్నాలు పూర్తయ్యేలోగానే వాటి గడువు తీరిపోవడంతో, మళ్లీ ప్రయత్నించాల్సిన పనులు చేరి వరుస మరింత పెరిగింది.

ఉదాహరణకు, సెకనుకు 1,000 అభ్యర్థనలు తీర్చగల సర్వర్ ముందు 60,000 నిలిచి ఉంటే, చివరిదాని వంతు నిమిషానికి గాని రాదు. వేచి ఉండే గడువు 10 సెకన్లే అయితే, ఆ తర్వాత ఇచ్చే జవాబులన్నీ వృథా అవుతాయి.

అందుకే ఇంజినీర్లు 4.14కి కొత్త పనుల రాకను పరిమితం చేసి, అంటే థ్రాట్లింగ్ విధించి, లీజులను నిర్వహించే వ్యవస్థలోని ఎంపిక చేసిన సర్వర్లను పునఃప్రారంభించగా, పాత వరుసలు ఖాళీ అయి 5.28కల్లా లీజులన్నీ పునరుద్ధరణ అయ్యాయి. అయితే మళ్లీ పంపగల అభ్యర్థనలనే ఇలా వదిలేయవచ్చు. చెల్లింపుల వంటి వాటిని భద్రపరచి తీరాలి.