రెండు లెక్కల మధ్య ఇరవై ఏడు లక్షలు

నెల మొదటి వారం వస్తే చాలా కంపెనీల్లో ఇదే పంచాయితీ. సేల్స్ మేనేజర్ డ్యాష్‌బోర్డు తెరిస్తే ఒక అంకె కనిపిస్తుంది. ఫైనాన్స్ వాళ్లు పంపిన రిపోర్టులో ఇంకో అంకె ఉంటుంది. రెండింటి మీదా ఉండే పేరు మాత్రం ‘అక్టోబరు అమ్మకాలు’. తేడా ఎందుకొచ్చిందో చెప్పే పని డేటా అనలిస్టు మీద పడుతుంది. "రెండూ కరెక్టేనండీ, లెక్కేసే పద్ధతి వేరు" అని తేల్చేస్తే మేనేజరుకు ఒరిగేదేమీ లేదు. ఏ కారణం వల్ల ఎన్ని రూపాయలు తేడా వచ్చిందో చెప్పినప్పుడే అది జవాబు అవుతుంది.

అలాంటి జవాబు ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే ఒక కంపెనీ ఉందనుకోండి. అక్టోబరుకు డ్యాష్‌బోర్డు 1,26,00,000 రూపాయలు చూపిస్తోంది. ఫైనాన్స్ రిపోర్టులో 98,38,000 ఉంది. తేడా 27,62,000. అనలిస్టు తన మేనేజరుకు ఇలా మొదలుపెట్టి రాస్తారు:

"సార్, నమస్కారం. మీరు అడిగిన 27.62 లక్షల తేడాలో 27.50 లక్షలకు కారణాలు దొరికాయి. 12,000 ఇంకా తేలలేదు. డబ్బేమీ పోలేదు. డ్యాష్‌బోర్డు కస్టమర్లు పెట్టిన ఆర్డర్లను లెక్కిస్తోంది. ఫైనాన్స్ వాళ్లు కస్టమరు చేతికి అంది, తిరిగి రాని సరుకును లెక్కిస్తున్నారు. ఒకదాని నుంచి రెండోదానికి ఎలా వెళ్లవచ్చో కింద మెట్లుగా రాశాను."

ముందు తేలిన విషయం, తర్వాత వివరం. మేనేజరు చదవడం అక్కడితో ఆపేసినా ఆయనకు కావలసింది అందినట్టే. ఇక ఆ మెట్లు:

- డ్యాష్‌బోర్డు మొత్తం: 1,26,00,000
- గడియారం తేడా సవరిస్తే: +1,05,000
- రద్దయినవి, డెలివరీ తీసుకోనివి: −10,50,000
- అక్టోబరులో ఆర్డరిచ్చి, నవంబరులో అందినవి: −12,60,000
- సెప్టెంబరులో ఆర్డరిచ్చి, అక్టోబరులో అందినవి: +6,30,000
- అక్టోబరులో వాపసు వచ్చినవి: −5,25,000
- జీఎస్టీ తీసేస్తే: −5,00,000
- రాబోయే వాపసుల కోసం ఫైనాన్స్ పక్కన పెట్టింది: −1,50,000
- ఇంకా తేలనిది: −12,000
- ఫైనాన్స్ మొత్తం: 98,38,000

మొదటి మెట్టు చాలామందికి తట్టదు. చాలా సర్వర్లు సమయాన్ని యూటీసీలో నమోదు చేస్తాయి. మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. దాంతో అక్టోబరు 1 అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5.30 లోపు వచ్చిన ఆర్డర్లు డ్యాష్‌బోర్డులో సెప్టెంబరుకు వెళ్లిపోతాయి. నవంబరు 1న అదే వేళకు వచ్చినవి అక్టోబరులోకి చేరతాయి. మన కంపెనీలో దసరా సేల్ అక్టోబరు 1 అర్ధరాత్రే మొదలైంది కాబట్టి బయటికి పోయినవి 2,10,000, లోపలికి వచ్చినవి 1,05,000. ఈ తప్పు పట్టుకోవడం తేలికే. గంటలవారీగా ఆర్డర్లు గీసి చూస్తే, రాత్రి తొమ్మిదికి ఉండాల్సిన రద్దీ మధ్యాహ్నం మూడున్నరకు కనిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తేడా తేదీల దగ్గర వస్తుంది. కస్టమరు ఫోనులో ఆర్డరు నొక్కిన రోజే డ్యాష్‌బోర్డు దాన్ని అమ్మకంగా రాసేసుకుంటుంది. అకౌంటింగ్ అలా ఒప్పుకోదు. 2018 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమల్లో ఉన్న ‘ఇండ్ ఏఎస్ 115’ ప్రమాణం ప్రకారం, సరుకు మీద అధికారం కొన్నవారికి వెళ్లినప్పుడే అది ఆదాయం. అక్టోబరు 30న ఆర్డరిచ్చిన చీర నవంబరు 3న చేరితే, ఫైనాన్స్ పుస్తకంలో అది నవంబరు అమ్మకం. క్యాష్ ఆన్ డెలివరీలో తలుపు దగ్గరే వద్దన్న పార్సిల్ అసలు అమ్మకమే కాదు. పండుగ నెలాఖరున వస్తే ఈ తేడా ఉబ్బిపోతుంది, మామూలు నెలల్లో తగ్గిపోతుంది. అందుకే "ఎప్పుడూ ఇరవై శాతం తక్కువ వేసుకుంటే సరిపోతుంది" అనే అడ్డదారి పనిచేయదు.

జీఎస్టీ దగ్గర రెండు చోట్ల కాలు జారుతుంది. చీర మీద పన్ను 5 శాతం. పన్నుతో కలిపిన మొత్తం చేతిలో ఉన్నప్పుడు దానిలో 5 శాతం తీయకూడదు, 105తో భాగించి 100తో గుణించాలి. 1,26,00,000లో ఉన్న పన్ను 6,00,000, చాలామంది లెక్కేసే 6,30,000 కాదు. మరి పట్టికలో 5,00,000 అనే ఎందుకుంది? పైన ఇప్పటికే తీసేసిన నికర 21,00,000లో లక్ష పన్ను కలిసే ఉంది. దాన్ని మళ్లీ తీస్తే ఒకే రూపాయిని రెండుసార్లు కోసినట్టు. కాబట్టి అన్ని మెట్లూ పన్నుతో కలిపే నడిపించి, పన్నును చివర ఒక్కసారే తీయడం మంచి పద్ధతి.

రాబోయే వాపసుల మెట్టుకు ఆర్డరు నంబరు ఉండదు. అక్టోబరులో అందిన చీరల్లో కొన్ని నవంబరులో తిరిగొస్తాయని తెలుసు కాబట్టి, ఫైనాన్స్ వాళ్లు అనుభవాన్ని బట్టి కొంత మొత్తం ముందే తగ్గిస్తారు. 1,50,000 అనేది గత నెలకన్నా ఈ నెల పెరిగిన భాగం. అనలిస్టు డేటాబేసు ఎంత వెతికినా ఇది దొరకదు. నెలాఖరులో అకౌంటెంటు వేసిన సర్దుబాటు ఎంట్రీలు అడిగి తెచ్చుకోవాలి.

ఇక తేలని 12,000. కోటి రూపాయల్లో అదెంత అని వదిలేయాలనిపిస్తుంది. అయితే చిన్న తేడా వెనక రెండు పెద్ద తప్పులు దాక్కోవచ్చు. ఒకటి 5 లక్షలు ఎక్కువ, ఇంకోటి 4.88 లక్షలు తక్కువ అయితే మిగిలేదీ 12,000లే. అందుకే మొత్తాలు పోల్చుకుంటే చాలదు. రెండు వైపుల జాబితాలనూ ఆర్డరు నంబరుతో జత చేసి, ఒకవైపే ఉన్నవీ, రెండు వైపులా ఉండి విలువ కలవనివీ విడివిడిగా తీయాలి. దానికి ముందు, డ్యాష్‌బోర్డు వెనకున్న పట్టికలో వరుసలెన్ని, వేర్వేరు ఆర్డరు నంబర్లెన్ని అని చూడాలి. ఒక ఆర్డరులో రెండు చీరలుంటే పట్టికలు కలిపేటప్పుడు ఆర్డరు మొత్తం రెండు వరుసల్లోనూ పడి, రెండుసార్లు కూడబడుతుంది.

లేఖ ఇలా ముగుస్తుంది:

"సార్, ప్రకటనల ఖర్చుకు, స్టాకు తెప్పించుకోవడానికి డ్యాష్‌బోర్డు అంకె వాడుకోవచ్చు. ఇన్సెంటివ్‌లకు, బ్యాంకుకు, బోర్డుకు ఫైనాన్స్ అంకే వాడాలి. డ్యాష్‌బోర్డులో ‘అమ్మకాలు’ అన్న పేరు తీసి ‘వచ్చిన ఆర్డర్లు, జీఎస్టీతో’ అని పెడతాను. తేదీలను మన సమయానికి మారుస్తాను, పాత నెలల అంకెలు కూడా కొద్దిగా మారతాయి. ఈ మార్పులకు మీ అనుమతి కావాలి. మిగిలిన 12,000కు సంబంధించిన ఆర్డర్ల జాబితా ఫైనాన్స్‌కు పంపాను."

మీ ఆఫీసులోనూ రెండు మొత్తాలు కలవకపోతే ఏది తప్పు అని అడిగే ముందు మూడు విషయాలు కనుక్కోండి. ఏ తేదీ ప్రకారం లెక్కించారు? పన్ను కలిపారా? రద్దులు, వాపసులు తీశారా? తేడాలో ఎక్కువ భాగం ఈ మూడింటిలోనే ఉంటుంది. ఆపైన మిగిలినదాన్ని ఆర్డరు నంబరు పట్టుకునే వెతకాలి.