గుజ్జు అరిగిన మోకాలికి ఎంత పని చెప్పాలి?

"గుజ్జు అరిగిపోయిందన్నారు. ఇంకా కదిలిస్తే మిగిలింది కూడా అరిగిపోదా?" ఫిజియోథెరపీ గదిలోకి వచ్చేవారు మమ్మల్ని మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. ఆ భయంతో చాలామంది నడక తగ్గించుకుంటారు, మెట్లు మానేస్తారు, చివరికి నీళ్ల గ్లాసు కూడా మంచం దగ్గరకే తెప్పించుకుంటారు. ఆరు నెలలు తిరిగేసరికి తొడ సన్నబడిపోతుంది, మోకాలు మరింత నొప్పి పెడుతుంది.

మోకాలి గుజ్జులో రక్తనాళాలు ఉండవు. కీలులో ఉండే జిగురు ద్రవం నుంచే దానికి పోషణ అందాలి. మోకాలి మీద బరువు పడి, మళ్లీ తేలికైన ప్రతిసారీ ఆ ద్రవం గుజ్జులోకి, బయటికి కదులుతుంది. కాబట్టి కదలిక గుజ్జుకు శత్రువు కాదు. ఇక తొడ ముందు భాగంలోని కండరం బలంగా ఉంటే, లేచేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు పడే అదురును అది చాలావరకు తన మీద వేసుకుంటుంది. పోయిన గుజ్జు వ్యాయామంతో తిరిగి రాదు, ఈ మాట ముందే చెబుతున్నాము. తగ్గేది నొప్పి, పెరిగేది మోకాలి పనితనం.

అయితే ఎంత చేయాలి? ఇటీవల మా దగ్గరకు వచ్చిన 58 ఏళ్ల అమ్మగారి సంగతి చెబితే ఇది తేలికగా అర్థమవుతుంది. ఆమె ఇంట్లో బట్టలు కుడతారు. రెండు మోకాళ్లూ నొప్పే, కుడిది ఎక్కువ. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులతో బల్లను పట్టుకోవాలి.

"నొప్పి లేకుండా చేసేది ఏదైనా ఉంటే చెప్పండమ్మా," అన్నారు.

"అసలు నొప్పే ఉండకూడదంటే మీరు మంచం దిగలేరు అమ్మగారూ. ఎంత నొప్పి ఫరవాలేదో ముందు తెలుసుకుందాం," అన్నాము.

నొప్పి అసలు లేకపోతే సున్న, ఇంతకు మించి భరించలేనంటే పది. చేస్తున్నప్పుడు రెండు వరకు ఉంటే నిశ్చింతగా చేయవచ్చు. మూడు నుంచి ఐదు వరకు ఒప్పుకోవచ్చు, కానీ మరునాటి ఉదయానికి మోకాలు ఎప్పటిలా ఉండాలి. ఐదు దాటితే ఆ రోజు ఆ పద్ధతి ఎక్కువైందన్నమాట. రెండో పరీక్షే అసలైనది. చేసేటప్పుడు బాగానే ఉండి, తెల్లారి పట్టేసే మోకాళ్లు ఎన్నో చూశాము.

మామూలు కుర్చీ, అంటే 18 అంగుళాల ఎత్తు ఉన్నదానిలోంచి చేతులు పట్టకుండా లేవమంటే ఆమె నొప్పి ఆరు అన్నారు. కుర్చీ మీద గట్టి దుప్పట్లు మడిచి వేసి 22 అంగుళాలు చేశాము. మూడు అన్నారు. ఆమెకు కావలసిన హద్దు దొరికింది. కూర్చున్న ఎత్తు తగ్గేకొద్దీ మోకాలు ఎక్కువ మడుస్తుంది, లేచేటప్పుడు మోకాలి చిప్ప వెనుక ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ముందు మడత తగ్గించాలి, ఆ తరువాతే కొద్దికొద్దిగా పెంచాలి. మెత్తని దిండు వేస్తే కిందికి దిగిపోయి ఎత్తు మారిపోతుంది, కాబట్టి దుప్పట్లే మంచివి. కుర్చీని గోడకు ఆనించి పెట్టాలి.

పాదాలు భుజాల వెడల్పున ఉంచి, కాస్త ముందుకు వంగి, ఒకటి రెండు లెక్కలో లేవాలి. కూర్చునేటప్పుడు మూడు లెక్క పెడుతూ మెల్లగా దిగాలి. ధబ్బున కూలబడకూడదు, దిగడంలోనే కండరానికి సగం పని. మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వాలకుండా పాదం వేళ్లవైపు చూడాలి. ఊపిరి బిగబట్టవద్దు, రక్తపోటు ఉన్నవారు ముఖ్యంగా. పైకి లెక్క పెడితే ఊపిరి దానంతటదే ఆడుతుంది. ఆమెకు ఎనిమిదిసార్లు, రెండు నిమిషాల విరామం, మళ్లీ ఎనిమిదిసార్లు. సోమ, బుధ, శుక్రవారాలు మాత్రమే. మధ్య రోజు కండరానికి విశ్రాంతి.

రెండోది కాలు చాచడం. ఎత్తైన కుర్చీలో కూర్చుని, గుడ్డ సంచిలో అరకిలో బియ్యం పోసి చీలమండకు కట్టి, కాలు పైకి చాచడం. చివర్లో, పూర్తిగా తిన్నగా అయ్యే చోట ఆమెకు చిప్ప వెనుక గుచ్చుకునేది. కాలు తిన్నగా అయ్యేకొద్దీ సంచి బరువు మోకాలికి దూరంగా జరిగి మరింత భారమవుతుంది. అందుకని బరువుతో చేసేటప్పుడు కొంచెం మడత మిగిల్చి ఆపమన్నాము, సంచి తీసేశాక పూర్తిగా చాచమన్నాము. బరువు తగినదో కాదో తెలియాలంటే పదోసారి చేశాక ఆలోచించండి. ఇంకా ఇరవైసార్లు చేయగలననిపిస్తే తక్కువ, ఇంకొక్కటి కూడా కష్టమనిపిస్తే ఎక్కువ. ఇంకా రెండు మూడు చేయగలననిపిస్తే సరైనది.

పెంచేటప్పుడు ఒక్కటే పెంచాలి. ఆమె ఎనిమిది నుంచి పన్నెండుకు వచ్చి, రెండు రోజులు ఉదయం మోకాలు మామూలుగా ఉంటే, అప్పుడు ఒక దుప్పటి తీసి మళ్లీ ఎనిమిదికి వెళ్లాలి. ఎత్తు తగ్గించిన వారమే సంచిలో బియ్యం పెంచితే, నొప్పి వచ్చినప్పుడు కారణం ఏదో మనకే తెలియదు.

మూడో వారం ఆమె వెనక్కి వచ్చారు. "వ్యాయామం పడలేదమ్మా, కాలు ఉబ్బింది." అడిగితే తెలిసింది, మూడు రోజుల క్రితం బంధువుల పెళ్లిలో నేల మీద కూర్చున్నారు, రెండంతస్తుల మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగారు. మరునాడు షెడ్యూలు తప్పకూడదని ఎప్పటి వ్యాయామమూ చేశారు! కుడి చిప్ప పక్కనుండే చిన్న గుంట పూడిపోయింది, అది వాపుకు గుర్తు. ఉదయం బిగుతు రోజూ పదిహేను నిమిషాలు ఉండేది, ఆ రోజు నలభై. మానమనలేదు. రెండు రోజులు బరువు వద్దన్నాము, తువాలు చుట్టి మోకాలి కింద పెట్టి అయిదు లెక్క వరకు నొక్కి వదలమన్నాము. తరువాత మళ్లీ 22 అంగుళాలే, అయిదుసార్లే. వారంలో గుంట తిరిగి కనబడింది. పెళ్లి, ప్రయాణం లాంటి రోజుల బరువు కూడా మోకాలి లెక్కలోకే వస్తుంది.

ఒక మాట. కటకటమని శబ్దం వచ్చి నొప్పి లేకపోతే భయపడనక్కరలేదు. కానీ మోకాలు వేడెక్కి ఎర్రబడి జ్వరం వస్తే, కీలు బిగుసుకుని మడవలేకపోతే, పడ్డాక కాలు మీద బరువు మోపలేకపోతే, పిక్క ఉబ్బి నొప్పి పెడితే వ్యాయామం ఆపి వెంటనే డాక్టరుగారికి చూపించాలి. ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే అంతకంటే త్వరగా.

పన్నెండు వారాలకు ఆమె 18 అంగుళాల కుర్చీలోంచి చేతులు పట్టకుండా పన్నెండుసార్లు లేచారు, నొప్పి రెండు. సంచిలో బియ్యం కిలోన్నర. నేల మీద కూర్చోవడం ఇంకా కుదరలేదు, ప్రార్థనలో కుర్చీ మీదే కూర్చుంటున్నారు. వారానికి రెండు రోజులైనా ఇలాగే సాగించమని చెప్పి పంపాము. ఇంట్లో దుప్పట్లు మాత్రం తీసేయలేదట, మళ్లీ ఉబ్బిన రోజున అవసరం పడతాయని.