లండను ఉగాదికి మృదంగం వెళ్ళునా?

లండనులో స్థిరపడిన నా పూర్వ విద్యార్థి ఒకడు అక్కడి తెలుగు సంఘానికి కోశాధికారి. 2026 ఉగాది ఉత్సవానికి తాను తయారుచేసిన జమాఖర్చుల అంచనాను కొన్ని నెలల ముందే నాకు పంపి, “మాస్టారూ, ఇందులో తప్పేమైనా ఉన్నదా?” అని అడిగాడు. వ్యాకరణం దిద్దమంటాడనుకున్న నాకు అంకెలు దిద్దే పని పడింది.

ప్రధాన కార్యక్రమం కూచిపూడి నాట్యం. హైదరాబాదు నుండి ఐదుగురు రావాలి: నర్తకి, నట్టువాంగం చేసే గురువు, గాయని, మృదంగ విద్వాంసుడు, వయొలిన్ విద్వాంసుడు. సభామందిరంలో 300 ఆసనాలు. టిక్కెట్టు 20 పౌండ్లు. అంటే 6,000 పౌండ్లు. దాతలు ఇస్తామన్నది మరి 1,500. ఖర్చు 6,265 పౌండ్లే గనుక 1,235 మిగులుతుందని అతని సంబరం.

మొదటి తప్పు మందిరం అద్దెలో దొరికింది. ప్రదర్శన నాలుగు గంటలు గనుక, గంటకు 150 చొప్పున 600 పౌండ్లు వేశాడు. అయితే అద్దె తాళం తీసినప్పటి నుండి తాళం వేసేవరకు గాని, తెర లేచినప్పటి నుండి కాదు గదా! దీపాలు, మైకులు అమర్చి సరిచూడడానికి రెండు గంటలు, చివర ఊడ్చి అప్పగించడానికి ఒక గంట కావాలి. ఏడు గంటలకు 1,050 పౌండ్లు. ముఖ్య అతిథి ఉపన్యాసం సాగితే ఆ పైన మరింత. మన సభల అలవాటు తెలిసినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

విమాన ఛార్జీలు మనిషికి 650 చొప్పున 3,250 అని వ్రాశాడు గాని వీసా రుసుము మరిచాడు. 2025లో అది మనిషికి 127 పౌండ్లు, ఐదుగురికి 635. వీసా నిరాకరించినా ఆ సొమ్ము తిరిగి రాదు. పారితోషికం తీసుకొనే కళాకారులకు ఆహ్వానపత్రం ముందే ఉండాలి, ఆ దేశంలో దిగిన 30 దినాలలోపల ప్రదర్శన ముగియాలి. ఈ రెండు తప్పులూ సవరిస్తే ఖర్చు 7,350 అయింది.

ఇక ఆదాయం. “ఆసనాలను లెక్కించకు, నిరుడు గుమ్మం దగ్గర చించిన చీటీలను లెక్కించు” అని వ్రాశాను. ఆ లెక్క చేదుగా వచ్చింది. అతిథులకు, దాతలకు, వారి బంధువులకు ఉచితంగా పోయినవి 30. పిల్లల సగం టిక్కెట్లు 60. పూర్తి ధర ఇచ్చినవారు 170 మంది. తక్కిన 40 ఆసనాలు ఖాళీ. వెరసి టిక్కెట్ల రాబడి 4,000 పౌండ్లు. దాతల వాగ్దానాలలో చేతికి వచ్చినది 1,000. మిగులు మాట దేవుడెరుగు, 2,350 పౌండ్ల లోటు! పైగా మందిరానికి బయానా, విమాన టిక్కెట్లకు సొమ్ము నెలల ముందే కట్టాలి. ప్రేక్షకులు టిక్కెట్లు కొనేది చివరి రెండు వారాలలో. నడుమ ఆ భారం ఎవరో ఒక సభ్యుని జేబుపై పడుతుంది.

ఇది చూసి కార్యవర్గం నర్తకిని మాత్రమే రప్పించి, పాటను ముందే ముద్రించిన ధ్వనితో నడిపిద్దామన్నది. లెక్కకు అది సులువే. కాని తరంగంలో నర్తకి ఇత్తడి పళ్ళెం అంచులమీద నిలిచి అడుగు వేసేటప్పుడు మృదంగం ఆ పాదాన్ని కనిపెట్టి పలుకుతుంది. ఆమె ఒక జతిని పొడిగిస్తే నట్టువాంగం కూడా పొడిగిస్తుంది. యంత్రం ఆగదు, వేచి ఉండదు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు కూచిపూడి అంటే అదే అనుకొంటారని నా బెంగ.

మరొక దారి వెదికాము. లండనులోనే నివసించే మృదంగ, వయొలిన్ విద్వాంసులున్నారు. పారితోషికం అందరికీ సమానంగా 300 పౌండ్లు అనుకొన్నదే గనుక అందులో మార్పు లేదు. ఇద్దరి విమానం, వీసా ఖర్చు 1,554 తగ్గింది. లోటు 796కు దిగింది. తరువాత బర్మింగ్‌హామ్‌లోని తెలుగువారితో మాట్లాడమన్నాను. వారు తమ ఉగాదిని మరుసటి శనివారానికి జరిపి, అదే బృందాన్ని పిలువడానికి ఒప్పుకొన్నారు. ముగ్గురి రాకపోకల ఖర్చు, వీసాలతో కలిపి 2,331 పౌండ్లు. అందులో సగం వారిది. అక్కడికి రైలు ఛార్జీలూ, అక్కడి పారితోషికమూ వారివే. దీనితో లోటు పోయి సుమారు 370 పౌండ్లు మిగిలింది.

అయితే కొత్తగా కలిసిన విద్వాంసులకు గురువుతో సాధన తప్పదు. గురువు రెండు రోజులు ముందు దిగాలి. బస ఒక సభ్యుని ఇంట. సాధనకు చిన్న గది అద్దె 70 పౌండ్లు అన్నాడు మా కోశాధికారి. మిగిలిన 300 ఏం చేయమంటారని అడిగితే, వచ్చే సంవత్సరం మందిరం బయానాకు విడిగా ఉంచమని జవాబు వ్రాశాను.